Z₁₂, Z₁₃: ఒకే సమీకరణం, రెండు ఫలితాలు

తిరుపతిలో బి.ఎస్సీ. గణితం చదివే విద్యార్థులు వలయాల పాఠంలో 8x = 4 అనే సమీకరణాన్ని 12తో భాగించగా వచ్చే శేషాల వలయం Z₁₂లోనూ, 13తో భాగించగా వచ్చే శేషాల వలయం Z₁₃లోనూ సాధించి చూస్తే, యూనిట్, శూన్య భాజకం అనే నిర్వచనాల మధ్య తేడా వెంటనే తెలుస్తుంది.

Z₁₃లో 8 × 5 = 40 = 1 కనుక 8 ఒక యూనిట్, దాని విలోమం 5. ఇరువైపులా 5తో గుణిస్తే x = 20 = 7 అనే ఒకే సాధన వస్తుంది. Z₁₂లో మాత్రం 2, 5, 8, 11 నాలుగూ సాధనలే; 8x = 3కు అసలు సాధనే లేదు. 8, 12ల గ.సా.భా. 4 కావడమే దీనికి కారణం: 12ను 4తో భాగించగా వచ్చే 3తో 8ని గుణిస్తే 24, అంటే సున్న వస్తుంది కనుక 8 శూన్య భాజకం, దానిని కొట్టివేయడం చెల్లదు. గ.సా.భా. 1 అయిన 1, 5, 7, 11 మాత్రమే Z₁₂లో యూనిట్లు.

13 ప్రధాన సంఖ్య కాబట్టి Z₁₃లో శూన్య భాజకాలు లేవు. అది పూర్ణాంక ప్రదేశం. అక్కడ శూన్యేతర aతో గుణిస్తే 13 మూలకాలకూ 13 వేర్వేరు లబ్ధాలు వస్తాయి, వాటిలో 1 తప్పక ఉంటుంది, అంటే ప్రతి శూన్యేతర మూలకానికీ విలోమం ఉంటుంది, అందువల్ల Z₁₃ క్షేత్రం కూడా. ఈ వాదన పరిమిత వలయాలకే పరిమితమని విద్యార్థులు తరచూ మరచిపోతారు. పూర్ణాంకాల వలయం Z పూర్ణాంక ప్రదేశమే అయినా, అందులో 2కు విలోమం లేదు.