అమెరికాకు మిక్సీ, రైస్ కుక్కర్: ట్రాన్స్‌ఫార్మర్‌తో ఇక్కడివి, 110 వోల్టులవి, లేక అక్కడ కొన్నవి – ఏది మేలు?

హైదరాబాదులో మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా, కెనడా దేశాల్లో మామూలు గోడ సాకెట్‌లో వచ్చేది 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అక్కడికి కాపురం మార్చుకునే కుటుంబాల ముందు మూడు దారులు ఉంటాయి. ఇక్కడి మిక్సీని, కుక్కర్‌ను తీసుకువెళ్ళి, వోల్టేజీని పెంచే స్టెప్ అప్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపడం ఒకటి. 110 వోల్టులకే తయారైన భారతీయ రకాన్ని కొని తీసుకువెళ్ళడం రెండవది. అక్కడికి చేరాక అక్కడి సామానే కొనుక్కోవడం మూడవది. మిక్సీకి రెండవ దారి, రైస్ కుక్కర్‌కు మూడవ దారి మేలని నా నిశ్చితాభిప్రాయం. రెండింటికీ కలిపి ఒకే జవాబు వెతకడం వల్లనే చాలామంది అనవసరమైన బరువు మోస్తున్నారు.

ముందుగా ఒక అపోహను తొలగించాలి. విమానాశ్రయంలో, కోఠీ గుజరాతీ గల్లీలో దొరికే ప్లగ్గు అడాప్టర్ పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని మార్చదు. సెల్‌ఫోన్ ఛార్జర్ ఆ అడాప్టర్‌తో అమెరికాలో చక్కగా పనిచేస్తుంది కాబట్టి మిక్సీ కూడా పనిచేస్తుందని అనుకుంటారు. కాని ఆ ఛార్జర్ మీద 100 నుంచి 240 వోల్టుల వరకు అని అచ్చువేసి ఉంటుంది. మిక్సీ అడుగున అతికించిన రేటింగ్ ప్లేట్ మీద 230 వోల్టులు అని ఒక్క అంకే ఉంటుంది. కొనేముందు చదవవలసింది డబ్బా మీది ప్రకటనను కాదు, ఆ ప్లేట్‌ను.

230 వోల్టుల సామానును 120 వోల్టుల సాకెట్‌లో నేరుగా పెడితే ఏమవుతుందో తెలిస్తే తక్కిన లెక్కలన్నీ సులువవుతాయి. కుక్కర్‌లో ఉండేది వేడి పుట్టించే తీగ. వోల్టేజీ సగానికి తగ్గితే దాని వేడి సగానికి కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. 700 వాట్ల కుక్కర్ అక్కడ 190 వాట్ల వేడి మాత్రమే ఇస్తుంది. అరకిలో బియ్యం, లీటరు నీళ్ళు ఇక్కడ పది పన్నెండు నిమిషాల్లో మరుగు పట్టేవి, అక్కడ ముప్పావు గంట నుంచి గంట వరకు గోరువెచ్చగా నానుతూ ఉంటాయి. అన్నం ఉడకక ముందే మెతుకు నీరు పట్టి ముద్దయిపోతుంది. కుక్కర్ పాడవదు, అన్నం పాడవుతుంది. మిక్సీ సంగతి ఇంతకంటే చెడ్డది. మోటారు తిరుగుతుంది గాని బలం చాలదు. నానిన మినప్పప్పు వేయగానే బ్లేడు ఆగిపోతుంది. ఆగిన మోటారుకు లోపలి ఫ్యాను గాలి కూడా అందదు కాబట్టి, స్విచ్ అలాగే వదిలేస్తే తీగచుట్ట వేడెక్కి వార్నిష్ మాడిన వాసన వస్తుంది.

ఇక ఉదాహరణగా ఒక కుటుంబాన్ని తీసుకుందాం. కూకట్‌పల్లి నుంచి డాలస్‌కు వెళ్తున్న దంపతులు, వారితో ఐదేళ్ళ పాప. ఇంట్లో 750 వాట్ల మిక్సీ, 1.8 లీటర్ల 700 వాట్ల కుక్కర్ ఉన్నాయి, రెండూ కొత్తవే. “ఉన్నవాటిని వదిలి మళ్ళీ కొనడం ఎందుకు, ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటి కొంటే చాలు కదా” అని పెద్దవారు సలహా ఇచ్చారు. వినడానికి పొదుపుగానే ఉన్న ఈ సలహాను లెక్కలో పెట్టి చూడాలి.

మోటారు మొదలయ్యే క్షణంలోను, గట్టి పిండి అడ్డుపడినప్పుడు, రాసిన వాట్ల కంటే చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే 750 వాట్ల మిక్సీకి 750 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ సరిపోదు. రెండు మూడు రెట్ల సామర్థ్యం, అంటే 1500 నుంచి 2000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చవక రకాల మీద రాసిన వాట్లను పూర్తిగా నమ్మలేము కాబట్టి 2000 వాట్లదే ఎంచుకోవడం క్షేమం. లోపల ఉండేది ఇనుప రేకులు, రాగి తీగ. కాబట్టి దాని బరువు ఐదారు కిలోలకు తగ్గదు, సాధారణంగా ఇంకా ఎక్కువే ఉంటుంది. అమెరికా వెళ్ళేవారి పెట్టె ఒక్కొక్కటి 23 కిలోలకు మించకూడదన్న నియమం ఉన్నప్పుడు ఈ బరువు పచ్చళ్ళను, పొడులను, పాప బట్టలను పక్కకు నెడుతుంది. అక్కడ కొనుక్కుందామంటే ఒక మంచి ట్రాన్స్‌ఫార్మర్ ధరలో అక్కడి సాదా కుక్కర్లు రెండు మూడు వస్తాయి.

చేరిన తరువాత కూడా ఇబ్బంది తీరదు. వంటగట్టు మీద అంత బరువైన పెట్టెకు చోటు కావాలి. వాడనప్పుడు కూడా ప్లగ్గులో ఉంటే అది హుమ్మని మోగుతూ కొంత కరెంటు తింటుంది, అందుకే ప్రతిసారీ తీసివేయాలి. మిక్సీ, కుక్కర్ రెండింటినీ ఒకేసారి దాని మీద నడిపితే 1450 వాట్ల భారం పడుతుంది. 120 వోల్టుల వైపు అది పన్నెండు ఆంపియర్లు దాటుతుంది. అదే లైనులో మైక్రోవేవ్ ఉంటే ఇంటి బ్రేకర్ పడిపోవడం ఖాయం. అన్నిటికంటే ముఖ్యం ఎర్త్. ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉండే అన్ని దేశాల ప్లగ్గులు పట్టే సాకెట్‌లో మన మూడో పిన్ను దూరుతుంది గాని, చాలా రకాల్లో లోపల ఎర్త్ కలవదు. మిక్సీకంటే లోహపు శరీరం ఉన్న కుక్కర్‌కు ఇది పెద్ద ప్రమాదం. ట్రాన్స్‌ఫార్మర్ చాలడం లేదని ఎలా తెలుస్తుందంటే, మిక్సీ స్వరం మధ్యలో బరువెక్కి కిందికి దిగుతుంది, పెట్టె చెయ్యి ఆననివ్వనంత వేడెక్కుతుంది, దాని ఫ్యూజు తరచూ పోతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా వాడడం మానేయాలి.

అరచేతిలో ఇమిడేంత తేలికైన 1600 వాట్ల కన్వర్టర్లను ప్రయాణికులకు అమ్ముతారు. వాటిని మిక్సీకి ఎన్నడూ తగిలించకూడదు. అవి కరెంటు తరంగాన్ని కోసి పంపే ఎలక్ట్రానిక్ పరికరాలు. జుట్టు ఆరబెట్టే యంత్రం వంటి వేడి సామాను కొద్ది నిమిషాలు నడపడానికే పనికివస్తాయి. పైగా వాటిలో చాలావరకు వోల్టేజీని తగ్గించేవే గాని పెంచేవి కావు.

రెండవ దారికి వద్దాం. మిక్సీలో ఉండేది కార్బన్ బ్రష్‌ల మీద నడిచే యూనివర్సల్ మోటారు. దానికి 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ తేడా పట్టదు, వోల్టేజీ ఒక్కటే సరిపోవాలి. ప్రీతి వంటి మన కంపెనీలు 110 వోల్టుల రకాలను తయారు చేస్తున్నాయి. 110 అని రాసి ఉన్నా 120 వోల్టుల మీద అది ఇబ్బంది లేకుండా నడుస్తుంది. జార్లతో కలిపి ఐదు కిలోల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి బరువులో ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కదానితో సమానం. ఆ ట్రాన్స్‌ఫార్మర్ మీద మళ్ళీ మిక్సీ బరువు మోయనక్కరలేదన్నది ఇక్కడి లాభం. వాట్లు మాత్రం 550 ప్రాంతంలో ఉంటాయి. 750 వాట్ల మిక్సీకి అలవాటుపడినవారు ఇడ్లీ పిండిని ఒకేసారి జారు నిండా కాక రెండు విడతలుగా వేసుకోవాలి. పసుపు కొమ్ముల వంటి గట్టివాటిని దంచి వేయాలి. మధ్యలో ఆగిపోతే అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ బయటికి వచ్చి ఉంటుంది. కొన్ని నిమిషాలు చల్లారనిచ్చి దాన్ని నొక్కితే తిరిగి పనిచేస్తుంది.

దీన్ని హైదరాబాదులో కొనేటప్పుడు జరిగే పెద్ద నష్టం ఒకటుంది. ఇంటికి తెచ్చాక “ఎలా తిరుగుతుందో చూద్దాం” అని ఎవరో ఒకరు గోడ ప్లగ్గులో పెడతారు. 230 వోల్టులు తగిలిన 110 వోల్టుల మోటారు భయంకరమైన వేగంతో అరిచి, చూస్తుండగానే కాలిపోతుంది. అలా కాలినదానికి వారంటీ వర్తించదు. కాబట్టి దుకాణంలోనే, వోల్టేజీని తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద, జారులో కొన్ని నీళ్ళు పోసి తిప్పి చూపించమని అడగాలి. ఆ వసతి లేని దుకాణంలో కొనకపోవడమే మంచిది. ట్రూప్ బజార్ వైపు విద్యుత్ సామాను అమ్మేవారి వద్ద స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి కాబట్టి అడగడంలో మొహమాటం అక్కరలేదు. ఇంటికి తెచ్చాక ప్లగ్గు మీద టేపు చుట్టి “ఇక్కడ పెట్టవద్దు” అని రాసి ఉంచాలి. అలాగే ఒక జత కార్బన్ బ్రష్‌లు, రెండు కప్లర్లు, జారు మూతల వాషర్లు కొని పెట్టెలో వేసుకోవాలి. ముందుగా అరిగేవి ఇవే. ఇక్కడ తక్కువ ధరకు దొరికేవి అక్కడ వెతికితే గాని దొరకవు. వారంటీ విదేశంలో చెల్లుతుందో లేదో బిల్లు మీద రాయించుకోవాలి.

అక్కడి బ్లెండర్ కొంటే సరిపోదా అంటే, సరిపోదనే చెబుతాను. దాని జారు పొడవుగా, పానీయాలకు తగినట్టు ఉంటుంది. గుప్పెడు కొబ్బరి, నాలుగు పచ్చిమిరపకాయలు వేస్తే గోడలకు అంటుకుని బ్లేడుకు అందవు. అందాలంటే నీళ్ళు పోయాలి, పోస్తే పచ్చడి పలుచనవుతుంది. ఖరీదైన రకాలు పిండి బాగా రుబ్బుతాయి గాని చిన్న పచ్చడికి అవీ అంతే.

కుక్కర్ విషయంలో మూడవ దారికి పోటీయే లేదు. అన్నం అక్కడ ఆసియా దేశాల ప్రజలందరి నిత్యాహారం కాబట్టి 120 వోల్టుల కుక్కర్లు ఏ పెద్ద దుకాణంలోనైనా దొరుకుతాయి. సాదా రకం ముప్ఫై డాలర్ల చుట్టుపక్కల వస్తుంది. అక్కడి కప్పుల లెక్కను మాత్రం జాగ్రత్తగా చదవాలి. కొన్ని అమెరికన్ కంపెనీలు వండిన అన్నాన్ని కొలిచి ఎనిమిది కప్పులని రాస్తాయి, అంటే పోయగలిగిన బియ్యం నాలుగు కప్పులే. జపాన్ కంపెనీలు పచ్చి బియ్యాన్నే లెక్కిస్తాయి. ఆ కప్పు 180 మిల్లీలీటర్లు. మన 1.8 లీటర్ల కుక్కర్‌కు సమానమైనది కావాలంటే పచ్చి బియ్యం పది కప్పులు పట్టేది అడగాలి. ముగ్గురున్న మన డాలస్ కుటుంబానికి ఐదున్నర కప్పులది చాలు. సోనా మసూరికి నీళ్ళ కొలత కొత్త గిన్నెలో ఒకటి రెండు సార్లు సరిచూసుకోవలసి ఉంటుంది, అంతకు మించి ఇబ్బంది లేదు.

ట్రాన్స్‌ఫార్మర్ అసలే పనికిరాదని కాదు. ఏడాది లోపు తిరిగి వచ్చేవారికి, కంపెనీయే సామాను ఓడలో పంపేవారికి, మిక్సీ ఒక్కదానికే వాడేవారికి అది తగినదే. వెట్ గ్రైండర్‌ను మాత్రం దాని మీద నడపాలనుకోవద్దు. అందులోది ఇండక్షన్ మోటారు, దాని వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని మారుస్తుంది గాని 60 హెర్ట్జ్‌ను మార్చలేదు, కాబట్టి రాళ్ళు ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరిగి పిండి వేడెక్కుతుంది. గ్రైండర్ కావాలంటే 110 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ప్లేట్ మీద ఉన్నదే కొనాలి.

బ్రిటన్, ఆస్ట్రేలియా, సింగపూర్, దుబాయ్ వెళ్ళేవారికి ఈ బాధ లేదు. అక్కడ కూడా 230 వోల్టుల ప్రాంతమే కాబట్టి ఇంట్లోని మిక్సీని, కుక్కర్‌ను నిశ్చింతగా తీసుకువెళ్ళవచ్చు. అడాప్టర్ మీద రోజూ నడపకుండా ఆ దేశపు ప్లగ్గునే తీగకు వేయించుకోవాలి. బ్రిటన్, సింగపూర్, దుబాయ్‌ల మూడు చదరపు పిన్నుల ప్లగ్గులో లోపల ఫ్యూజు ఉంటుంది. 700 వాట్ల ప్రాంతంలోని మిక్సీకి, కుక్కర్‌కు 5 ఆంపియర్లది సరిపోతుంది, 3 ఆంపియర్లది వేస్తే అంచున ఉండి మిక్సీ మొదలయ్యేటప్పుడు పోవచ్చు.