కందిపప్పుకి విజిల్స్ లెక్కపెట్టాలా, సిమ్‌లో టైమ్ చూడాలా?

నేను చాలా ఏళ్లు హై ఫ్లేమ్‌లో పెట్టి నాలుగు విజిల్స్ రాగానే కట్టేసేదాన్ని, ఒకరోజు పప్పు వెన్నలా ఉండేది, ఇంకోరోజు గరిటెతో ఎంత మెదిపినా పలుకు పలుకుగానే ఉండేది. తర్వాత అర్థమైంది, విజిల్ అంటే లోపల ఎక్కువైన ఆవిరి బయటికి పోవడమే, పప్పు ఉడికిందని కాదు. మంట పెద్దగా ఉంటే నాలుగు విజిల్స్ గబగబా వచ్చేస్తాయి, పప్పు లోపలిదాకా మెత్తబడే టైమే దొరకదు, పైగా నురగ పొంగి విజిల్ లోంచి పసుపు నీళ్లు స్టవ్ మీద పడతాయి.

ఇప్పుడు కప్పు పప్పు కడిగి అరగంట నానబెట్టి, మూడు కప్పుల నీళ్లు, చిటికెడు పసుపు, చెంచా నూనె వేసి, మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి పది నిమిషాలు ఉంచుతా, మధ్యలో ఒక్క విజిల్ కూడా రాకపోయినా కంగారు పడను. కట్టేశాక ప్రెషర్ దానంతటదే దిగాలి, ఆ వేడికి కూడా పప్పు ఉడుకుతూనే ఉంటుంది.

మూత తీశాక ఒక బద్ద వేళ్ల మధ్య నొక్కండి, మధ్యలో తెల్లగా గట్టిగా తగిలితే కొంచెం నీళ్లు పోసి ఇంకో ఐదు నిమిషాలు సిమ్‌లో పెట్టండి. చింతపండు మాత్రం ముందే వేయొద్దు, పులుపు తగిలితే పప్పు త్వరగా మెత్తబడదు.

నానబెట్టే టైమ్ లేనిరోజు విజిల్స్ పద్ధతే వాడినా, మీడియం మంట మీద ఐదారు రానివ్వండి. పాత పప్పైతే అదీ చాలదు, దానికి సిమ్మే కరెక్ట్.