జాగ్రత్త: బిల్లు మన పేరున, సరుకు నేరుగా కస్టమర్‌కు వెళ్తుంటే పన్ను ఏది వేశారో చూసుకోండి

మాది విజయవాడ. చిన్న కంప్యూటర్ వ్యాపారం. హైదరాబాద్‌లో ఒక కస్టమర్‌కు 20 ప్రింటర్లు కావాలన్నారు. హైదరాబాద్‌లోనే ఉన్న హోల్‌సేలర్ దగ్గర కొని, బిల్లు మా పేరున వేయించి, సరుకు మాత్రం నేరుగా కస్టమర్ ఆఫీసుకే పంపించమన్నాను. రవాణా ఖర్చు మిగులుతుందని సంబరపడ్డాను కూడా. చివరికి 36,000 రూపాయలు ఇరుక్కుపోయాయి.

హోల్‌సేలర్ ఇచ్చిన బిల్లు ఇలా ఉంది. ప్రింటర్ ఒక్కోటి 10,000 చొప్పున 2,00,000. దానిమీద 18 శాతం పన్నును, ఒకే రాష్ట్రంలో జరిగే అమ్మకానికి వేసినట్టు, సీజీఎస్టీ 18,000, ఎస్‌జీఎస్టీ 18,000గా విడగొట్టారు. మొత్తం 2,36,000. బిల్లు మీద మా పేరు, మా జీఎస్టీ నంబరు సరిగ్గానే ఉన్నాయి. మొత్తం కూడా సరిపోయింది. ఇంకేం చూస్తాం? డబ్బు కట్టేశాను.

తర్వాతి నెల 14న, కొనుగోళ్ల మీద కట్టిన పన్నులో మనకు ఎంత క్రెడిట్ వస్తుందో చూపించే జీఎస్టీఆర్-2బి తెరిస్తే ఆ బిల్లుకు క్రెడిట్ రాదని చూపిస్తోంది. సరఫరా స్థలం, అమ్మినవారి రాష్ట్రం ఒకటే, కొన్నవారి రాష్ట్రం వేరు అని కారణం. సెంట్రల్ సగమైనా వస్తుందేమో అనుకున్నా. అదీ లేదు, బిల్లు మొత్తానికీ "No" అనే ఉంది.

హోల్‌సేలర్‌కు ఫోన్ చేస్తే, "సరుకు హైదరాబాద్ దాటలేదు కదండీ, రాష్ట్రాల మధ్య అమ్మకానికి వేసే ఐజీఎస్టీ ఎందుకు వేస్తాం?" అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. చాలామంది అకౌంటెంట్లు కూడా ఇక్కడే పొరబడతారు. లారీ ఎక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లిందో చూసి పన్ను తేల్చేస్తారు. కానీ ఐజీఎస్టీ చట్టంలో సెక్షన్ 10(1)(బి) ఉన్నది సరిగ్గా ఇలాంటి లావాదేవీ కోసమే. మన ఆదేశం మీద సరుకు ఇంకొకరికి చేరితే, దాన్ని మనమే అందుకున్నట్టు లెక్క. సరఫరా స్థలం మన ప్రధాన వ్యాపార స్థలం అవుతుంది. అంటే నా కేసులో ఆంధ్రప్రదేశ్. అమ్మింది తెలంగాణ, సరఫరా స్థలం ఆంధ్రప్రదేశ్ కాబట్టి అది అంతర్రాష్ట్ర సరఫరా. బిల్లులో ఐజీఎస్టీ 36,000 అని ఒకే లైను ఉండాలి.

ఇక నేను కస్టమర్‌కు వేసిన రెండో బిల్లు. 2,20,000 మీద 18 శాతం, 39,600. నేనున్నది ఆంధ్రప్రదేశ్‌లో, సరుకు చేరింది తెలంగాణలో. కాబట్టి ఇదీ ఐజీఎస్టీనే. ఊరు దాటని సరుకుకు రెండు బిల్లులు, రెండూ ఐజీఎస్టీ! మొదటి బిల్లు సరిగ్గా ఉండుంటే 39,600లోంచి 36,000 పోగా నేను కట్టాల్సింది 3,600. ఆ నెల 20న మొత్తం 39,600 చేతి నుంచి కట్టాను.

మీరు చూసుకోవాల్సింది ఇంతే. అమ్మేవాళ్ల జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు (తెలంగాణ అయితే 36), బిల్లులో "Place of Supply" దగ్గర రాసిన రాష్ట్రం. ఇలా ఇంకొకరికి సరుకు పంపించే బిల్లులో అక్కడ మీ రాష్ట్రం ఉండాలి (ఆంధ్రప్రదేశ్ అయితే 37). నా బిల్లులో 36 అని ఉంది. డబ్బు కట్టకముందే చూడాల్సింది, చూడలేదు. కనీసం 11వ తేదీలోపు, హోల్‌సేలర్ తన అమ్మకాల నెలవారీ రిటర్న్ జీఎస్టీఆర్-1 వేయకముందు చెప్పినా సులువుగా సరిదిద్దేవాడు.

ఒక మినహాయింపు చెప్పాలి. అమ్మినవాళ్లే సైట్‌లో బిగించి ఇచ్చే సామాను అయితే, బిగించిన చోటే సరఫరా స్థలం. హోటల్ గది కూడా అంతే. మా కుర్రాడు హైదరాబాద్‌లో లాడ్జిలో దిగితే అక్కడి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేయడం తప్పు కాదు. ఆ క్రెడిట్ ఎలాగూ మనకు రాదు, దాని కోసం గొడవపడకండి.

నా బిల్లు సంగతికొస్తే, "ఒకసారి పన్ను కట్టేశాం, మళ్లీ కట్టలేం" అని హోల్‌సేలర్ మూడు వారాలు సాగదీశాడు. మా ఆడిటర్ గారు ఆయనతో మాట్లాడి, పొరపాటున లోకల్ పన్ను కట్టినవాళ్లు తర్వాత ఐజీఎస్టీ కడితే వడ్డీ పడదని, ముందు కట్టింది ఐజీఎస్టీ కట్టిన తేదీ నుంచి రెండేళ్లలో రీఫండ్ అడగవచ్చని వివరించాకే మెత్తబడ్డాడు. పాత బిల్లుకు క్రెడిట్ నోట్ ఇచ్చి, ఐజీఎస్టీతో కొత్త బిల్లు వేశాడు. అది ఆ తర్వాతి నెల 2బిలో కనిపించింది. ఇప్పుడు నా ఆర్డర్ కాగితం మీద ధర కన్నా ముందే "సరఫరా స్థలం: 37, ఐజీఎస్టీ" అని రాసి పంపిస్తున్నాను.