జంట లోలకాలు: స్ప్రింగుతో కలపడం మేలా, అడ్డతాడుకు వేలాడదీయడం మేలా?

రెండు ఒకే రకం లోలకాలను సన్నగా కలిపి, ఒకదాన్ని మాత్రమే ఊపి వదిలితే దాని ఊపు మెల్లగా రెండోదానికి వెళ్లిపోతుంది. మొదటిది దాదాపు నిలిచిపోయాక ఊపు మళ్లీ వెనక్కి వస్తుంది. డిగ్రీ పుస్తకాల్లో దీన్నే యుగ్మిత డోలకాలు అంటారు. ప్రయోగం చేసి చూపాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రెంటినీ దేనితో కలపాలి? రెండు దారులు ఉన్నాయి. కడ్డీ లోలకాల మధ్య మెత్తటి స్ప్రింగు కట్టవచ్చు. లేదా వదులుగా కట్టిన ఒకే అడ్డతాడుకు రెంటినీ వేలాడదీయవచ్చు. కంటితో చూసి ఆనందించడానికి తాడు చాలు. కొలిచి లెక్క సరిపోయిందని చెప్పాలంటే స్ప్రింగే కావాలి.

ముందుగా నార్మల్ మోడ్ అంటే ఏమిటో. జంటలో రెండూ ఒకే పౌనఃపున్యంతో, ఊపు అటూ ఇటూ మారకుండా ఊగే తీరు అది. ఇలాంటివి సరిగ్గా రెండే ఉంటాయి. రెండు గుండ్లూ కలిసి ఒకే వైపుకు ఊగడం ఒకటి, ఎదురెదురుగా ఊగడం రెండోది. ఒక్క లోలకాన్నే లాగి వదిలినప్పుడు ఈ రెండు మోడ్లూ సమాన పాళ్లలో మొదలవుతాయి. వాటి పౌనఃపున్యాల్లో కొద్దిపాటి తేడా ఉంటుంది కనుక కొంతసేపటికి ఒకటి రెండోదాన్ని అరచుట్టు దాటిపోతుంది. అప్పుడు మొదటి లోలకం దగ్గర రెండు మోడ్లూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రెండో లోలకం దగ్గర ఒకదానికొకటి తోడవుతాయి. శక్తి ‘బదిలీ’ అని మనం అనేది ఇదే. మోడ్ల వైపు నుంచి చూస్తే బదిలీ ఏమీ జరగలేదు; ఏ మోడ్ శక్తి ఆ మోడ్‌లోనే ఉంది.

స్ప్రింగు అమరిక

ఒక మీటరు పొడవున్న తేలికైన అల్యూమినియం గొట్టాలు రెండు, ఒక్కోదాని కొసన అరకిలో గుండు, పైన ఆనికగా కత్తి అంచు. స్ప్రింగు మెత్తగా ఉండాలి: 30 గ్రాములు వేలాడదీస్తే సుమారు 10 సెం.మీ. సాగేది, అంటే k = 3 N/m. దాన్ని ఆనిక నుంచి a దూరంలో రెండు కడ్డీలకూ అడ్డంగా తగిలిస్తాం. L లోలకం పొడవు, m గుండు ద్రవ్యరాశి, g గురుత్వ త్వరణం, k స్ప్రింగు స్థిరాంకం, ω1, ω2 రెండు మోడ్ల కోణీయ పౌనఃపున్యాలు. గొట్టం బరువును వదిలేస్తే సూత్రాలు ఇవి:

```
ω1² = g/L
ω2² = g/L + 2ka²/(mL²)
```

కలిసి ఊగేటప్పుడు స్ప్రింగు పొడవు మారదు. అందుకే మొదటి మోడ్‌కు స్ప్రింగు ఉన్నా లేనట్టే, దాని ఆవర్తన కాలం విడి లోలకానిదే: 2.01 సెకన్లు. స్ప్రింగును 40 సెం.మీ. దగ్గర కడితే ఎదురెదురు మోడ్ 1.84 సెకన్లకు దిగుతుంది. ఊపు ఇక్కడి నుంచి వెళ్లి తిరిగి రావడానికి 2π/(ω2 − ω1), అంటే దాదాపు 21 సెకన్లు పడుతుంది. అదే స్ప్రింగును 20 సెం.మీ.కు జరిపితే తిరిగొచ్చే కాలం 83 సెకన్లు. దూరం సగమైతే బంధం నాలుగో వంతు అవుతుంది, కాలం ఇంచుమించు నాలుగింతలవుతుంది. స్ప్రింగు అమరికలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే: ఒక్క కొక్కెం జరిపితే బంధం బలం మనకు తెలిసిన లెక్కలో మారుతుంది, మిగతావేవీ కదలవు.

చెడేది ఎక్కడ? మొదటి తప్పు, కడ్డీలకు బదులు దారాలు వాడి వాటి మధ్యలో స్ప్రింగు కట్టడం. దారం అక్కడ విరిగినట్టు వంగుతుంది, పై సూత్రం పనికిరాదు. రెండో తప్పు, స్ప్రింగును సాగదీయకుండా తగిలించడం. చుట్టలు ఒకదానికొకటి ఆనుకున్న స్ప్రింగు సాగగలదు గానీ నొక్కుకోలేదు. ఎదురెదురు మోడ్‌లో గుండ్లు చెరో 5 సెం.మీ. ఊగితే, 40 సెం.మీ. దగ్గర కడ్డీలు చెరో 2 సెం.మీ. కదులుతాయి, కాబట్టి స్ప్రింగు పొడవు 4 సెం.మీ. అటూ ఇటూ మారాలి. అందుకే నిశ్చలంగా ఉన్నప్పుడే దాన్ని 5 సెం.మీ. సాగేలా ఆనికల మధ్య దూరం పెట్టాలి. కడ్డీలు లోపలికి ఒక డిగ్రీ లోపు వాలతాయి, దానితో నష్టం లేదు. సాగుదల చాలకపోతే గుండ్లు దగ్గరకొచ్చిన ప్రతిసారీ స్ప్రింగు ‘టిక్’మంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే అప్పుడు రాసుకున్న అంకెలు కొట్టేయండి.

అడ్డతాడు అమరిక

ఇంట్లో అరగంటలో అయ్యే పని. 90 సెం.మీ. దూరంలో రెండు ఆధారాలు, వాటి మధ్య పురికొస. దాన్ని మూడు సమాన భాగాలు చేసే రెండు చోట్ల 50 సెం.మీ. దారాలతో 200 గ్రాముల గుండ్లు రెండు. తాడుకు అడ్డంగా, అంటే మన వైపుకూ గోడ వైపుకూ ఊపాలి. గుండ్లు వేలాడుతుండగా ముడులు రెండు కొసలను కలిపే గీత కన్నా ఎంత కిందికి దిగాయో కొలవండి. ఆ దిగుడు d ఇక్కడ 6 సెం.మీ. అనుకుందాం.

కలిసి ఊగేటప్పుడు తాడూ దారాలూ ఒకే పలకలా కొసల గీత చుట్టూ ఊగుతాయి. కాబట్టి లోలకం పొడవు 50 కాదు, 56 సెం.మీ. ఎదురెదురుగా ఊగేటప్పుడు ముడులు చెరో వైపు లాగుకుని అంతగా కదలవు. మూడో వంతుల దగ్గర కట్టినప్పుడు లెక్కకొచ్చే పొడవు L + d/3, అంటే 52 సెం.మీ. ఆవర్తన కాలాలు 1.50, 1.45 సెకన్లు, ఊపు వెళ్లి తిరిగి రావడానికి సుమారు 40 సెకన్లు. గమనించారా, ఇక్కడ ఏ మోడ్‌కూ విడి లోలకం కాలం రాదు. దారం పొడవు కొలిచి మొదటి మోడ్‌తో పోల్చి చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే.

దీనిలో ఇంకో తిరకాసు ఉంది. బంధం గట్టిపడాలని చాలామంది తాడును బిగిస్తారు. బిగిస్తే దిగుడు తగ్గి బంధం పలచబడుతుంది. దిగుడు 3 సెం.మీ. అయితే అదే 40 సెకన్లు 75 అవుతాయి. పైగా 6 సెం.మీ. దిగుడుకే తాడు ఒక్కో ఆధారాన్ని అడ్డంగా ఒక కిలో బరువంత బలంతో లాగుతోంది, 3 సెం.మీ.కి అది రెండు కిలోలు. ప్లాస్టిక్ కుర్చీలకు కడితే అవి లోపలికి జరుగుతాయి, దిగుడు మారుతుంది, మొదటి కొలతకూ మూడో కొలతకూ పొంతన ఉండదు. నైలాన్ తాడైతే తనే సాగుతుంది. బరువులు వేలాడదీసి ఒక రాత్రి అలాగే ఉంచి, మర్నాడు దిగుడు మళ్లీ కొలిచాకే మొదలుపెట్టాలి.

చేత్తో వదలడం కూడా తాడు అమరికకు సరిపడదు. కొంచెం వంకరగా వదిలినా గుండు తాడు వెంబడి కూడా ఊగడం మొదలుపెడుతుంది. ఆ దిశలో పౌనఃపున్యం వేరు, బంధం వేరు. కాసేపటికి గుండు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది, ‘నిలిచిపోయే’ క్షణం అంటూ ఉండదు. గుండును సన్నటి దారంతో వెనక్కి కట్టి, ఆ దారాన్ని అగరుబత్తి నిప్పుతో కాల్చితే తిన్నగా వదులుతుంది. కత్తి అంచు మీద ఊగే కడ్డీకి ఈ బాధే లేదు, అది ఒక్క తలంలోనే ఊగుతుంది.

రెంటికీ ఉమ్మడి తలనొప్పి: పొడవుల తేడా

మొదటి లోలకం పూర్తిగా ఆగకుండా కొంచెం ఊగుతూనే ఉందంటే, ముందు అనుమానించాల్సింది పొడవులనే. స్ప్రింగు 20 సెం.మీ. దగ్గర ఉన్న మన అమరికలో ఒక కడ్డీ 1 సెం.మీ. పొడవైందనుకోండి. మీటరులో ఒక్క సెంటీమీటరే. విడి పౌనఃపున్యాల మధ్య తేడా 0.0157 రేడియన్లు/సె., మోడ్ల మధ్య తేడా 0.0757. బదిలీ కాకుండా మిగిలే శక్తి 4 శాతమే. అయితే కంపన పరిమితి శక్తికి వర్గమూలంలో ఉంటుంది కనుక 10 సెం.మీ. ఊపుతో మొదలైన గుండు 2 సెం.మీ. కన్నా తగ్గదు. కంటికి అది స్పష్టంగా కనిపిస్తుంది. బంధం ఎంత పలచనైతే ఈ తేడా అంత కొరుకుతుంది, 40 సెం.మీ. దగ్గర ఇదే తప్పు పెద్దగా తెలియదు. స్ప్రింగు తీసేసి ఒక్కో లోలకం 50 ఊపుల కాలం విడిగా చూసి, గుండును మరమీద తిప్పి సరిచేయాలి. గుండ్ల బరువులు కూడా సమానంగా ఉండాలి. పొడవులు సమానమైనా బరువులు వేరైతే స్ప్రింగు ప్రభావం ఒక్కోదానిపై ఒక్కోలా ఉంటుంది.

అదే సమయంలో స్టాండునూ పరీక్షించండి. స్ప్రింగు లేకుండా ఒకదాన్ని ఊపితే మూడు నిమిషాల దాకా రెండోది కదలకూడదు. కదిలితే స్టాండే వాటిని కలుపుతోంది. ఒకే దూలానికి వేలాడదీసిన రెండు గడియారాల లోలకాలు ఎదురెదురు ఊపులో స్థిరపడడాన్ని 1665లో హైగెన్స్ గమనించింది ఇలాంటి బంధం వల్లే. గడియారానికి నడిపే బలం ఉంది కాబట్టి అవి ఒకే తీరులో కుదురుకున్నాయి. మన లోలకాలకు అది లేదు, ఊపు ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటాయి.

ఏది కొలవాలి: మోడ్లా, తిరుగు కాలమా?

కొందరు రెండు మోడ్ల కాలాలు విడివిడిగా కొలిచి తేడా తీస్తారు. బంధం పలచనైనప్పుడు అది చెడ్డ బేరం. 20 సెం.మీ. దగ్గర కాలాలు 2.007, 1.960, తేడా 0.047 సెకన్లే. 20 ఊపులకు స్టాప్‌వాచ్‌తో 0.2 సెకన్ల తప్పు వస్తే ఒక్కో కాలంలో 0.01 సెకను, తేడాలో 30 శాతం తప్పు. తిరుగు కాలమైతే 83 సెకన్లలో 2 సెకన్లు తప్పినా 3 శాతం లోపే. స్ప్రింగును 80 సెం.మీ.కు దించితే కథ తిరగబడుతుంది. తిరుగు కాలం 6 సెకన్లు, అంటే మూడు ఊపులే. నిలిచిన క్షణం ఏదో పట్టుకోలేం. అక్కడ మోడ్లే కొలవాలి. మధ్యలో, 40 సెం.మీ. దగ్గర, రెండూ కొలిచి 1/T2 − 1/T1 కూ తిరుగు కాలపు విలోమానికీ సరిపోతుందో లేదో చూసుకోవచ్చు.

రెట్టింపు తప్పు ఒకటి తరచూ దొర్లుతుంది. A ఆగినప్పటి నుంచి B ఆగే దాకా కొలిస్తే వచ్చేది సగం తిరుగు కాలం. A ఆగినప్పటి నుంచి మళ్లీ A ఆగే దాకా కొలవాలి, వీలైతే అలాంటివి మూడు వరసగా కొలిచి మూడుతో భాగించాలి. లెక్క కాగితం మీదా ఇదే బెడద: కంపన పరిమితికి cos((ω2 − ω1)t/2) అని చూసి, దాని పూర్తి చుట్టునే తిరుగు కాలంగా రాసేస్తే జవాబు రెట్టింపు వస్తుంది. కొసైన్ రుణమైనా ఊపు ఊపే, గుండుకు గుర్తు తెలియదు.