ఏసీ వైఫై మాడ్యూల్ పోయిందంటే వెంటనే డబ్బు కట్టకండి (2,950 వదిలించుకుని చెప్తున్నా)

నేనెంత చక్కగా బోల్తా పడ్డానో మొన్ననే తెలిసింది. ఆ మంటలోనే రాస్తున్నాను. షోరూమ్ పేరు రాయను. బెజవాడలో ఏసీ కొన్నవాళ్లకి వాళ్ల సర్వీసు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

నాన్న గదిలో స్మార్ట్ ఏసీ. రాత్రి 10:30కి 26లో ఆన్, తెల్లవారుజామున 4:30కి ఆఫ్ అయ్యేలా యాప్‌లో షెడ్యూల్ పెట్టుకున్నాం. ఏడాదిగా ఏ గొడవా లేదు. పోయిన వారం ఇంటర్నెట్ వాళ్లు పాత రౌటర్ తీసేసి కొత్తది పెట్టారు. ఫోన్లలో ఏమీ మార్చక్కర్లేకుండా పాత పేరు, పాత పాస్‌వర్డే ఉంచారు. ఆ సాయంత్రం నుంచి యాప్‌లో ఏసీ ఆఫ్‌లైన్. రిమోట్‌తో మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. రౌటర్ మారడాన్నీ దీన్నీ కలిపి ఆలోచించాలని నాకు తట్టలేదు. సర్వీసుకి ఫోన్ చేశాను.

వచ్చిన కుర్రాడు ముందు ప్యానెల్ తీసి, రెండు నిమిషాలు చూసి, "వైఫై మాడ్యూల్ పోయింది సార్, వారంటీలో రాదు" అన్నాడు. పార్టు 2,500, జీఎస్టీతో 2,950. సరే అన్నాను. కొత్త ముక్క పెట్టి, రిమోట్‌లో బటన్ నొక్కిపట్టుకుని లైటు మెరిసేలా చేసి, తన రెండో ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి దానికి కలిపాడు. నిమిషంలో ఏసీ యాప్‌లోకి వచ్చింది. "చూశారా సార్!" అన్నాడు. నేను కూడా సంబరంగా తలూపి, ఫోన్‌పేలో డబ్బు కొట్టాను.

అప్పుడు అడిగాను, మా ఇంటి వైఫైకి కలపవయ్యా అని. రెండుసార్లు చూశాడు, కలవలేదు. బ్యాగు సర్దుకుంటూ ఒక్క మాటన్నాడు: "అది మీ నెట్ ప్రాబ్లమ్ సార్, మా డిపార్ట్‌మెంట్ కాదు." మరి పాత ముక్క ఇవ్వమంటే, కంపెనీకి పంపాలట! చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. నేను గుమ్మంలో నిలబడి టాటా చెప్పనిది ఒక్కటే తక్కువ.

మొన్న మా చెల్లెలి కొడుకు వచ్చాడు, ఇంటర్ చదువుతున్నాడు. విషయం విని, "మావయ్యా, అతని హాట్‌స్పాట్‌కి పాత ముక్కని కలిపి చూశాడా?" అన్నాడు. లేదు. చూస్తే అదీ కలిసేదేమో! ఆ పరీక్ష చేయాల్సింది పార్టు మార్చక ముందు కదా. ఇంత చదువుకుని నాకు రాని ప్రశ్న అది.

వాడు రౌటర్ సెట్టింగ్స్ తెరిచాడు. ఇలాంటి ఏసీలు చాలావరకు 2.4 GHz వైఫై మీదే నడుస్తాయి. మా కొత్త రౌటర్ 2.4, 5 రెండిటినీ Smart Connect అని ఒకే పేరు కింద కలిపేసింది. వాడు దాన్ని ఆపి, 2.4కి వేరే పేరు పెట్టి, ఫోన్‌ని కూడా దానికే కలిపి మళ్లీ ప్రయత్నించాడు. సగం దాకా వెళ్లి ఆగింది. తర్వాత Security అన్నచోట చూస్తే WPA3 అని ఉంది. ఈ ఏసీకి అది రాదు, పాత WPA2 కావాలి. పేరు, పాస్‌వర్డ్ అవే అయినా తాళం మారిపోయిందన్నమాట. WPA2 పెట్టగానే నిమిషంలో కలిసింది. ఆ కుర్రాడి హాట్‌స్పాట్‌కి కలిసిందీ అందుకే, అది 2.4లో WPA2తో ఉండుంటుంది.

కథ ఇంకా ఉంది. పాత షెడ్యూల్ పోయింది, కొత్తగా పెట్టాం. 10:30కి రావాల్సిన ఏసీ నిన్న 8 గంటలకే ఖాళీ గదిలో ఆన్ అయిందని అమ్మ అరుస్తూనే ఉంది. అతను హాట్‌స్పాట్‌తో కలిపినప్పుడు యాప్‌లో టైమ్ జోన్ చైనాది పడింది, మనకన్నా రెండున్నర గంటలు ముందు. దాన్ని ఇండియాకి మార్చాక సరిపోయింది.

మీకూ ఇలాగే అయితే ముందు ఇంట్లో ఒక ఫోన్ హాట్‌స్పాట్‌ని 2.4లో, WPA2తో పెట్టి, రెండో ఫోన్‌లోని యాప్‌తో ఏసీని దానికి కలపండి. ఐఫోన్ అయితే హాట్‌స్పాట్‌లో Maximize Compatibility ఆన్ చేయాలి. కలిసిందంటే మాడ్యూల్ బాగానే ఉంది, చూడాల్సింది రౌటర్‌ని. కలవకపోతేనే సర్వీసుకి ఫోన్ చేయండి, పాత పార్టు చేతికిస్తేనే డబ్బిస్తానని ముందే చెప్పండి.

ఇంకోటి, స్టెబిలైజర్ దగ్గర స్విచ్ ఆపేసినా యాప్‌లో ఆఫ్‌లైన్ అనే వస్తుంది, షెడ్యూల్ కూడా నడవదు. ఆపొద్దని ఆ స్విచ్ మీద చీటీ అంటించాను. నాన్న రోజూ పొద్దున్నే ఆ చీటీ మీదే వేలు పెట్టి ఆపేస్తున్నారు.