నాలుగేళ్ల వాడకం తరువాత: మా టీవీ హోమ్ స్క్రీన్‌ను సర్దుకున్న తీరు

2021 దసరాకు కావలిలోని మా ఇంట్లో 43 అంగుళాల ఆండ్రాయిడ్ టీవీ పెట్టుకున్నాము. బొమ్మ, శబ్దం గురించి అప్పట్లోనే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి నేను వెళ్లను. రోజూ రిమోట్ పట్టుకునే అమ్మానాన్నలకు అందులోని హోమ్ స్క్రీన్ ఎలా ఉపయోగపడింది, దాన్ని ఎంతవరకు మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు, ఎక్కడ మన మాట సాగదు అన్నదే ఈ సమీక్ష. నాలుగేళ్లుగా ఈ ఒక్క విషయం మీద నేను పెట్టిన సమయం టీవీ చూడడానికి పెట్టిన సమయం కంటే తక్కువేమీ కాదు.

టీవీ ఆన్ చేయగానే కనిపించే ఆ తెర మీద చూపుకు ఒకేలా ఉన్నా మూడు వేర్వేరు రకాల వరుసలు ఉంటాయి. ఈ తేడా తెలియక మొదటి నెలంతా తిప్పలు పడ్డాను. మొదటిది మనం ఎంచుకున్న యాప్‌ల వరుస. దీని మీద పూర్తి అధికారం మనదే. రెండవది ఆయా యాప్‌లు తమ కార్యక్రమాలను చూపించడానికి పంపే వరుసలు. వీటిని Channels అంటారు, అక్కర్లేనివి తీసేయవచ్చు. మూడవది ప్రకటనల కోసం ఉన్న చోటు, మా టీవీలో తెర పైభాగాన పెద్ద పట్టీలాగా వచ్చేది. ఏది ఏ రకమో తెలుసుకునే తేలికైన పద్ధతి ఒకటుంది. ఆ వరుసలో ఎడమ చివరకు వెళ్లి అక్కడున్న యాప్ గుర్తు మీద మరోసారి ఎడమ బాణం నొక్కితే, జరపడానికి, తీసేయడానికి గుర్తులు వస్తాయి. వస్తే అది రెండవ రకం. ఎంత నొక్కినా ఏమీ రాకపోతే, పైగా బొమ్మ మూలన Sponsored అన్న చిన్న అక్షరాలుంటే, అది మూడవ రకమే.

మొదట చేయవలసింది యాప్‌ల వరుసను సర్దుకోవడం. కావలసిన యాప్ ఐకాన్ మీదకు వెళ్లి OK బటన్‌ను ఒక సెకను పైగా అదిమి పట్టుకుంటే చిన్న మెనూ తెరుచుకుంటుంది. అందులో Move ఎంచుకుంటే ఆ ఐకాన్ కదలడానికి సిద్ధమవుతుంది, కుడి ఎడమ బాణాలతో కావలసిన చోటికి చేర్చి మళ్లీ OK నొక్కాలి. Remove from favorites అని నొక్కితే అది వరుసలోంచి పోతుంది కానీ టీవీలోంచి పోదు, యాప్‌ల పూర్తి జాబితాలో అలాగే ఉంటుంది. ఈ సంగతి చెప్పేదాకా అమ్మ ఒక్క ఐకాన్‌ను కూడా తీయనివ్వలేదు. కొత్తది చేర్చాలంటే వరుస చివరనున్న కూడిక గుర్తు నొక్కాలి. చెప్పడానికి సులువుగానే ఉన్నా, అదిమి పట్టుకోవడం అనేది మా అమ్మకు ఇప్పటికీ కుదరదు. మెనూ రాకముందే బొటనవేలు ఎత్తేస్తుంది, యాప్ తెరుచుకుంటుంది. అందుకే సర్దే పని నేనే చేసి పెట్టాను.

ఏది ముందు, ఏది వెనుక అన్న దాని మీద కొంచెం ఆలోచించాలి. మా టీవీలో హోమ్ బటన్ నొక్కగానే సెలెక్షన్ ఆ వరుసలోని మొదటి ఐకాన్ మీద నిలుస్తుంది. కాబట్టి రోజుకు ఎక్కువసార్లు తెరిచేది మొదట ఉండాలి. మా ఇంట్లో అది యూట్యూబ్. పొద్దున సుప్రభాతం, మధ్యాహ్నం వంటలు, రాత్రి పాత సినిమాలు అన్నీ అందులోనే. దాని తరువాత అమ్మ సీరియళ్లు చూసే యాప్, ఆ తరువాత మా ఫోన్లలోని ఫొటోలు చూసుకునేది పెట్టాను. తెరను జరపకుండా కనిపించేవి మా టీవీలో ఆరే కాబట్టి ఆరుతో ఆపాను. ఏడవది పెడితే అది కుడివైపు దాక్కుంటుంది, దాక్కున్నదాన్ని మా ఇంట్లో ఎవరూ వెతకరు.

రెండవ రకం వరుసలను తీసేయడం ఇంకా తేలిక. Settings > Device Preferences > Home screen లోకి వెళ్తే Customize channels అని ఉంటుంది. అందులో ఒక్కొక్క యాప్ పేరు పక్కన స్విచ్ కనిపిస్తుంది, అక్కర్లేనివాటిని ఆపేయాలి. నేను యూట్యూబ్ వరుసను మాత్రం ఉంచి మిగిలినవన్నీ ఆపేశాను. అదే పేజీలో Enable video previews, Enable audio previews అని రెండు స్విచ్‌లున్నాయి. ఐకాన్ల మధ్య తిరుగుతున్నప్పుడు దానంతటదే ట్రైలర్ మొదలై శబ్దం రావడం వీటివల్లే. రెండింటినీ ఆపిన తరువాత మా టీవీలో తెర కదలిక కూడా కొంత చురుకైంది. టీవీ కొన్న ప్రతి ఒక్కరూ మొదటిరోజే చేయదగిన పని ఇది. ఒక మాట గుర్తుంచుకోవాలి: కొత్త యాప్ వేసినప్పుడు దాని వరుస మళ్లీ కిందకు వచ్చి చేరవచ్చు, అప్పుడు ఈ పేజీలోకి మరోసారి వెళ్లాలి.

ఇక అసలు చిక్కు మూడవ రకం దగ్గర. యాప్‌ల వరుసకు సరిగ్గా పైనే ఆ ప్రకటనల పట్టీ ఉంటుంది. కింది బాణం నొక్కబోయి పై బాణం నొక్కితే సెలెక్షన్ ఆ పట్టీ మీదకు పోతుంది, ఆపైన OK నొక్కితే ఏదో ఒక సినిమా పేజీ, దాని వెంట చందా కట్టమనే పేజీ తెరుచుకుంటాయి. 2022 సంక్రాంతి సెలవుల్లో మా నాన్న రిమోట్‌ను నా చేతికిచ్చి, "ఏందిరా ఇది, ఒత్తంగానే డబ్బులు కట్టమంటా ఉంది? నేనేమీ చెయ్యలేదే" అని భయపడుతూ అడిగారు. డబ్బేమీ పోలేదు, ఆ టీవీలో మేము కార్డు వివరాలు పెట్టలేదు. కానీ అప్పటినుంచి ఆయన నేను ఇంట్లో లేనప్పుడు టీవీ పెట్టడమే మానేశారని అమ్మ చెప్పింది. ఆ మాట విన్నాక ఈ పట్టీని ఎలాగైనా తీసేయాలని కూర్చున్నాను.

పైన చెప్పిన సెట్టింగుల్లో దానికి స్విచ్ లేదు. నేను మొదట చేసింది హోమ్ స్క్రీన్ యాప్‌ను పాత రూపానికి తిప్పడం. Settings > Apps > See all apps లో అడుగున Show system apps నొక్కితే Android TV Home అనే పేరు కనిపిస్తుంది, దాన్ని తెరిచి Uninstall updates నొక్కాలి. అలా చేయగానే టీవీతో పాటు వచ్చిన తొలి రూపం తిరిగి వచ్చింది, పెద్ద పట్టీ పోయింది. ఆ ఆనందం వారం కూడా నిలవలేదు, ప్లే స్టోర్ ఆ యాప్‌ను తనంతట తానే మళ్లీ కొత్తది చేసింది. దాన్ని ఆపాలంటే ప్లే స్టోర్ సెట్టింగుల్లో ఆటో అప్‌డేట్‌ను ఆపాలి. ఆపాను. కానీ అది టీవీలోని యాప్‌లన్నింటికీ కలిపి ఉన్న స్విచ్. కొన్ని నెలలకు ఒక సీరియళ్ల యాప్ తెరవగానే కొత్త రూపం వేసుకోమని అడగడం మొదలుపెట్టింది, ప్రతి యాప్‌నూ చేత్తో అప్‌డేట్ చేయవలసి వచ్చింది. ఊరికి ఎప్పుడో ఒకసారి వచ్చే నాలాంటి వారికి ఆ దారి కుదరదు.

2023లో ఆ పద్ధతి వదిలేసి ప్లే స్టోర్ నుంచి Projectivy Launcher అనే యాప్‌ను వేశాను. లాంచర్ అంటే హోమ్ స్క్రీన్ చూపించే యాప్, టీవీతో వచ్చేదానికి బదులు మరొకటి. దీన్ని వేసినంత మాత్రాన హోమ్ బటన్ దాని మాట వినదు. దాని సెట్టింగుల్లో Override current launcher అన్నదాన్ని ఆన్ చేసి, టీవీ సెట్టింగుల్లోని Accessibility పేజీలో దానికి అనుమతి ఇవ్వాలి. అనుమతి ఇచ్చేటప్పుడు ఆ యాప్ తెర మీది బటన్లను గమనించగలదని హెచ్చరిక వస్తుంది. హోమ్ బటన్ నొక్కడాన్ని పట్టుకోవడానికే ఆ అనుమతి అని తెలిసినా, ఇవ్వాలా వద్దా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయమే. నేను బ్యాంకు పనులేవీ జరగని టీవీ కాబట్టి ఇచ్చాను. టీవీతో వచ్చిన పాత హోమ్‌ను మాత్రం తీసేయలేదు. కంప్యూటర్‌తో టీవీని కలిపి దాన్ని పూర్తిగా ఆపే పద్ధతి కూడా ఉంది కానీ, కొత్త లాంచర్ ఏ కారణంగానైనా తెరుచుకోకపోతే తెర నల్లగా మిగిలిపోతుంది, అప్పుడు అమ్మానాన్నలు ఏమీ చేయలేరు.

ఇప్పుడు మా తెర మీద ఒకే వరుస, అందులో అవే ఆరు ఐకాన్లు, వెనుక తుమ్మలపెంట సముద్రతీరాన తీసిన ఫొటో ఉన్నాయి. పై బాణం నొక్కినా డబ్బడిగే పేజీ ఏదీ రాదు. కేబుల్ పెట్టె HDMI 1లో ఉంది, దానికి రిమోట్ మీద ఉన్న ఇన్‌పుట్ బటన్ ముందులాగే పనిచేస్తోంది. పోగొట్టుకున్నది ఒకటుంది: సగంలో ఆపిన సినిమాను మళ్లీ అందుకునే Play Next వరుస పాత హోమ్‌లో ఉండేది. అమ్మ సీరియళ్లకు అది బాగా పనికొచ్చేది. ఇప్పుడు యాప్ తెరిచి లోపల వెతుక్కోవాలి.

లోపం లేకుండా నడుస్తోందని చెప్పలేను. వానాకాలంలో కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ మొదటినుంచి మొదలవుతుంది, అప్పుడు కొన్ని క్షణాలు పాత హోమ్, దాని ప్రకటనల పట్టీ కనిపించి ఆ తరువాతే మాది వస్తుంది. టీవీ కంపెనీ పెద్ద అప్‌డేట్ పంపినప్పుడు రెండుసార్లు Accessibility అనుమతి దానంతటదే ఆగిపోయింది. గుర్తుపట్టడం కష్టం కాదు, హోమ్ నొక్కితే పాత తెరే వస్తుంది. అనుమతిని తిరిగి ఆన్ చేయడానికి నిమిషం కూడా పట్టదు కానీ ఆ నిమిషం పని ఫోన్‌లో చెప్పి చేయించడానికి ఒకసారి నాకు అరగంట పట్టింది. సముద్రం ఫొటో పెట్టింది ఇందుకే. "సముద్రం కనపడిందాకా ఏమీ ఒత్తొద్దు నాన్నా, కనపడకపోతే హోమ్ ఒక్కసారి ఒత్తు, అప్పటికీ రాకపోతే నాకు ఫోన్ చెయ్యి" అని చెప్పి ఉంచాను.

ఈమధ్య వస్తున్న గూగుల్ టీవీ రకం టీవీల్లో మెనూలు వేరుగా ఉంటాయి. వాటిలో Settings > Accounts & Sign In లో మన ఖాతాను తెరిస్తే Apps only mode అనే స్విచ్ కనిపిస్తుంది. మా మేనమామ గారింట్లో నెల్లూరులో దాన్ని ఆన్ చేసి చూశాను. సినిమా సిఫారసుల వరుసలన్నీ పోయి యాప్‌లు మాత్రమే మిగిలాయి, యాప్‌లను జరిపే పద్ధతి కూడా OK అదిమి పట్టుకోవడమే. కానీ మైకు బటన్ నొక్కి పేరు చెబితే సినిమా వెతికే సౌకర్యం దానితో పాటు పోయింది. అత్తయ్య పాటలన్నీ ఆ మైకుతోనే పెట్టుకుంటుంది కాబట్టి మరుసటి రోజే ఆ స్విచ్‌ను మళ్లీ ఆపేశాము.

నాన్న ఇప్పుడు పొద్దున ఐదున్నరకు తానే టీవీ పెట్టుకుంటున్నారు. అప్‌డేట్ వచ్చిందని తెర మీద కనిపిస్తే మాత్రం Later నొక్కి, నేను ఊరికి వచ్చేదాకా దాన్ని అలాగే ఉంచుతున్నారు.