ఈత, సైకిల్, మెట్లు: అరగంట కేలరీల లెక్కలో ఏది మేలు?

మా బావగారి బరువు 80 కేజీలు. పోయిన నెల నుంచి పొద్దున్నే అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతున్నారు. అరగంట అయ్యాక ఫోన్‌లో యాప్ తెరిస్తే 352 కేలరీలు ఖర్చయ్యాయని చూపిస్తోందట. అదే యాప్‌లో అరగంట సైకిల్ అని నొక్కితే 272, అరగంట ఈత అని నొక్కితే 232 వచ్చాయి. "ఇంకేముందోయ్, మెట్లే మేలు. స్విమ్మింగ్ పూల్‌కి నెలనెలా ఫీజు కట్టడం దండగ" అన్నారు.

యాప్ కూడికల్లో తప్పేమీ లేదు. పట్టికలో ఉన్నదే చెప్పింది. అయితే ఆ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోటీ పెట్టే ముందు, అవి ఎలా వచ్చాయో చూడాలి.

కదలకుండా కూర్చున్నప్పుడు శరీరం వాడే శక్తిని ఒక మెట్ అంటారు. (మనం ఎక్కే మెట్టుతో దీనికి సంబంధం లేదు. తెలుగులో రాసేటప్పుడు ఈ తికమక తప్పదు కాబట్టి, ఇకపై దీన్ని MET అనే రాస్తాను.) ఒక పనికి 8 MET అని రాసి ఉంటే, ఆ పని చేస్తున్నప్పుడు కూర్చున్నప్పటికంటే 8 రెట్లు ఖర్చవుతుందని అర్థం. ఇలా వందల పనులకు విలువలు ఇచ్చే పట్టిక అమెరికాలో 1993లో మొదటిసారి అచ్చయింది. 2000లో, 2011లో, 2024లో దాన్ని సవరించారు. చాలా యాప్‌ల వెనక ఉన్నది ఇదే. నేనిక్కడ వాడేవి 2011 పట్టికలోని విలువలు. లెక్క చాలా సులువు. ఇందులో kcal అంటే కిలోకేలరీ, మనం మామూలుగా కేలరీ అనేది దీన్నే:

```
kcal = MET × kg × h
```

వేగంగా మెట్లెక్కడానికి 8.8 MET. 8.8 × 80 × 0.5 చేస్తే 352. బావగారి యాప్ చేసింది ఇంతే. కొన్ని యాప్‌లు `MET × 3.5 × kg / 200` అనే నిమిషాల లెక్క వాడతాయి. దానిలో జవాబు 5 శాతం ఎక్కువ వస్తుంది. రెండు యాప్‌లలో రెండు అంకెలు కనబడితే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

ఇప్పుడు మెట్ల సంగతి. ఆ 8.8 అనేది ఎక్కుతున్నంతసేపే వర్తిస్తుంది. అరగంటపాటు ఆగకుండా పైకే ఎక్కాలంటే వంద అంతస్తుల భవనం కావాలి. బావగారిది అయిదంతస్తుల అపార్ట్‌మెంట్. ఒక ఆదివారం స్టాప్‌వాచ్ పట్టుకుని నేనూ వెళ్లాను. కింద నుంచి అయిదో అంతస్తుకి 80 సెకన్లు. దిగడానికి 70. పైనా కిందా ఊపిరి పీల్చుకోవడానికి కలిపి 75. అంటే ఒక రౌండుకి 225 సెకన్లు, అరగంటలో సరిగ్గా 8 రౌండ్లు. అందులో పైకి ఎక్కిన సమయం 11 నిమిషాలైనా లేదు.

దాన్ని విడివిడిగా లెక్కేస్తే, ఎక్కడానికి 125 కేలరీలు. దిగడానికి పట్టికలో 3.5 MET ఉంది, దానికి 44. నిలబడ్డ 10 నిమిషాలకు 1.5 MET చొప్పున 20. మొత్తం 189. యాప్ చెప్పిన దానిలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆయాసపడుతున్నప్పుడు ఒళ్లు మామూలు కంటే ఎక్కువ ఆక్సిజన్ లాగుతుంది కాబట్టి 200 అనుకున్నా అనుకోవచ్చు. 352 మాత్రం కాదు.

బావగారు ఒప్పుకోలేదు. అందుకే ఇంకో దారిలో సరిచూశాం. మెట్లలో ఉన్న సుఖం ఇదే, పట్టికతో పని లేకుండా లెక్క తేల్చుకోవచ్చు. 8 రౌండ్లంటే 40 అంతస్తులు. అంతస్తుకి 3 మీటర్లు చొప్పున 120 మీటర్ల ఎత్తు. 80 కేజీలను 120 మీటర్లు పైకి లేపే పనికి 80 × 9.8 × 120, అంటే దాదాపు 94,000 జౌళ్లు. కేలరీల్లో చెప్పాలంటే 22.5. ఇంతేనా అనిపిస్తుంది గానీ, కండరాలు తాము ఖర్చుపెట్టిన శక్తిలో 20 నుంచి 25 శాతమే పనిగా మార్చగలవు, మిగతాదంతా వేడిగా పోతుంది. చెమట పట్టేది అందుకే. కాబట్టి అసలు ఖర్చు 90కీ 112కీ మధ్య ఉండాలి. పట్టిక ప్రకారం ఎక్కడానికి వచ్చిన 125లో, ఊరికే కూర్చున్నా అయ్యే 14 తీసేస్తే 111. రెండూ కలిశాయి. అంటే పట్టిక విలువ సరైనదే, దాన్ని గుణించిన నిమిషాలే తప్పు.

ఈ లెక్కలో బరువు సూటిగా వచ్చి కూర్చుందని గమనించండి. 60 కేజీల మనిషి ఎక్కితే సరిగ్గా ముప్పావు వంతే ఖర్చు. బరువుతో గుణించే పద్ధతికి మెట్లంత నిజాయితీగా లొంగే వ్యాయామం ఈ మూడింటిలో ఇంకోటి లేదు.

సైకిల్ దగ్గరికొస్తే అదే గుణకారం దారి తప్పుతుంది. చదును రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడు తన బరువును ఎత్తడం లేదు, సీటు మోస్తోంది. అతను ఎక్కువగా తోసుకుపోయేది గాలిని. గాలికి కావలసింది మన ఒళ్లు ఎంత అడ్డంగా ఉందన్నదే, ఎన్ని కేజీలు ఉందన్నది కాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తప్ప బరువు ప్రభావం తక్కువే.

జిమ్‌లోని సైకిల్ మీద ఇది స్పష్టంగా కనబడుతుంది. తెర మీద 100 వాట్లు చూపించేలా అరగంట తొక్కారనుకుందాం. పట్టికలో 90-100 వాట్లకు 6.8 MET ఉంది. 80 కేజీల వాడికి 272 కేలరీలు, 60 కేజీల వాడికి 204 అని జవాబు వస్తుంది. ఇద్దరూ ఒకే పెడల్‌ను ఒకే బలంతో తిప్పుతుంటే మూడో వంతు తేడా ఎక్కడిది? వ్యాయామ శాస్త్రంలో సైకిల్ కోసం ప్రత్యేకంగా వాడే సూత్రం ఒకటుంది. పెడల్ తిప్పే పనికి అయ్యే ఖర్చును వాట్లను బట్టే వేస్తుంది, కాళ్లను ఊరికే కదపడానికీ విశ్రాంతికీ అయ్యే చిన్న భాగాన్ని మాత్రమే బరువును బట్టి కలుపుతుంది. దాని ప్రకారం 80 కేజీల వాడికి 249, 60 కేజీల వాడికి 228. తేడా పదో వంతు కూడా లేదు. పట్టిక బరువైన వాడికి ఎక్కువ రాసింది, సన్నవాడికి తక్కువ రాసింది.

అందుకే వాట్లు చూపించే సైకిల్ దొరికితే నేను MET జోలికే వెళ్లను. వాట్లను సెకన్లతో గుణిస్తే జౌళ్లు వస్తాయి. 100 వాట్లతో 1,800 సెకన్లంటే 180 కిలోజౌళ్లు. ఖర్చయిన కేలరీలు కూడా సుమారుగా అంతే అనుకోవచ్చు. కేలరీకి 4.2 కిలోజౌళ్లు ఉండటం, కండరాలు నాలుగో వంతే పనిగా మార్చడం ఒకదాన్నొకటి దాదాపు కొట్టేసుకుంటాయి. విశ్రాంతి ఖర్చు 40 కలిపితే 220 అవుతుంది. సూత్రం చెప్పిన 249కి అది కాస్త తక్కువే గానీ దగ్గరే.

రోడ్డు మీద తొక్కితే ఇంత నమ్మకం ఉండదు. పట్టిక వేగాన్ని బట్టి విలువ ఇస్తుంది. గంటకు 16-19 కిలోమీటర్లకు 6.8, 19-22కి 8. సిగ్నల్ దగ్గర ఆగిన నిమిషాలు, దిగువలో పెడల్ తిప్పకుండా జారిన నిమిషాలు, ఎదురుగాలి, ఇవేవీ పట్టికకు తెలియవు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి చోట, సిగ్నళ్ల గొడవ లేదు కాబట్టి సగటు వేగానికి కొంత అర్థం ఉంటుంది. ఊరి మధ్యలో ఉండదు.

ఇక ఈత. లెక్క పరంగా మూడింటిలో ఇదే మొండిఘటం. ఫ్రీస్టయిల్ నెమ్మదిగా అయితే 5.8, జోరుగా అయితే 9.8. ఏ వరస ఎంచుకున్నారన్న దాన్ని బట్టే జవాబు ఒకటిన్నర రెట్ల పైన మారిపోతుంది. తాను నెమ్మదా జోరా అన్నది చెప్పడం ఈదేవాడికే కష్టం. ఎందుకంటే నీళ్లలో వేగానికీ కష్టానికీ పొత్తు లేదు. బాగా ఈత వచ్చినవాడు ఒళ్లు నీటి మీద చదునుగా ఉంచి జారిపోతాడు. కొత్తగా నేర్చుకున్నవాడి కాళ్లు కిందికి దిగిపోతాయి, తల పైకి లేస్తుంది, నీటిని అడ్డంగా తోసుకుంటూ అదే దూరానికి ఎన్నో రెట్లు ఖర్చుపెడతాడు. బరువు లెక్క కూడా తిరగబడుతుంది. కొవ్వు తేలుతుంది కాబట్టి పొట్ట ఉన్న మనిషికి తేలడంలో నీరే సాయం చేస్తుంది. కానీ సూత్రం ఆ కేజీలను కూడా గుణించేస్తుంది.

పైగా గోడ దగ్గర విశ్రాంతి. బావగారు 25 మీటర్లు 40 సెకన్లలో ఈది, ఇంకో 40 సెకన్లు గోడ పట్టుకుని కబుర్లు చెబుతారు. ఆ లెక్కన అరగంటలో ఈదింది 15 నిమిషాలే. 5.8 చొప్పున 116, నిలబడ్డ సమయానికి 30, కలిపి 146. యాప్ చెప్పిన 232కి చాలా దూరం. ఆయన కాళ్లు దిగిపోతూ ఈదుతారు కాబట్టి నిజం 146 కంటే ఎక్కువే ఉంటుంది. ఎంత ఎక్కువో పట్టిక నుంచి తేల్చలేం.

ఇంకొక్క కోత మిగిలింది. ఈ మూడు జవాబుల్లోనూ సోఫాలో కూర్చున్నా ఖర్చయ్యే భాగం కలిసే ఉంది. 80 కేజీలకు అరగంటకు 40 కేలరీలు. వ్యాయామం వల్ల అదనంగా ఎంత అన్నదే ప్రశ్న అయితే దాన్ని తీసేయాలి. అప్పుడు బావగారి అరగంటకు జిమ్ సైకిల్ 209, మెట్లు 149, ఈత 106 పైచిలుకు. యాప్ చూపిన వరసలో మొదటి స్థానం మెట్లది, ఈ వరసలో సైకిల్‌ది. సైకిల్ గొప్పదనం దాని MET విలువలో లేదు, అరగంటా ఆగకుండా తొక్కగలగడంలో ఉంది. వంద వాట్లు ఆయన ఆయాసపడకుండా లాగగలరు, అదే ఊపులో మెట్లు రెండు నిమిషాలు కూడా ఎక్కలేరు.

కాబట్టి చేతిలో అరగంట ఉండి, అంకె కూడా నమ్మకంగా ఉండాలంటే నా ఓటు వాట్లు చూపే సైకిల్‌కే. సైకిల్ దొరక్కపోతే మెట్లు, ఎక్కుతున్న నిమిషాల వరకే ఖర్చు చూస్తే వాటిదే పైచేయి. నిమిషాలు చూడకుండా అంతస్తులు లెక్కపెడితే చాలు. 80 కేజీల మనిషికి మూడు మీటర్ల అంతస్తు ఎక్కితే అదనపు ఖర్చు రెండున్నర కేలరీలు, 60 కేజీలకు రెండు కేలరీలకు కాస్త తక్కువ. ఈతను మాత్రం కేలరీల కోసం ఎంచుకోవద్దనే చెబుతాను. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది మంచి ఎంపిక, కానీ దాని పక్కన అంకె రాసుకుని ఆ అంకెకు సరిపడా ఇడ్లీలు ఎక్కువ తినడం కుదరదు.

మోకాళ్లంటే గుర్తొచ్చింది. బావగారికి మెట్లు దిగేటప్పుడే మోకాలు కలుక్కుమంటోంది. దిగడం మానేసి లిఫ్ట్‌లో రమ్మన్నాను. "కేలరీలు పోతాయి కదోయ్" అన్నారు. లెక్కేసి చూపించాను. అదే 8 రౌండ్లు ఎక్కి ప్రతిసారీ లిఫ్ట్‌లో దిగితే 189 కాస్తా 164 అవుతుంది. పోయేది 25. ఇప్పుడు లిఫ్ట్‌లోనే దిగుతున్నారు, యాప్‌లో మాత్రం ఇంకా 352 అనే చూసుకుంటున్నారు.